పేస్ట్ చేసిన జాబితాలో తేదీలు రెండు రకాలు, పేర్లు మూడు రకాలు – సార్ట్ చేస్తే రెండు ముక్కలవుతోంది

జాబితా_పని

మా సంఘం సభ్యుల జాబితా తయారు చేస్తున్నాను. 412 రోలు. మూడు చోట్ల నుంచి వచ్చాయి: ఆన్‌లైన్ ఫారం నుంచి 180, పాత సాఫ్ట్‌వేర్ నుంచి తీసినవి 150, చేత్తో టైపు చేసి పంపినవి 82. మూడింటినీ ఒకదాని కింద ఒకటి ఎక్సెల్‌లో పేస్ట్ చేశాను. చేరిన తేదీ ప్రకారం సార్ట్ అవ్వాలి, ఒకే రోజు చేరినవాళ్లు ఇంటిపేరు వరుసలో రావాలి. కావాల్సింది అంతే.

సార్ట్ కొడితే పైన 2016 నుంచి 2023 దాకా చక్కగా వచ్చింది. అది అయిపోయాక కింద మళ్లీ 13/01/2018, 13/02/2021, 13/08/2017 అంటూ ఇంకో జాబితా మొదలైంది. మధ్యమధ్యలో "14 మార్చి 2019" లాంటివి. పేర్లేమో ఫారంలో "సుధ మల్లెల", పాత సాఫ్ట్‌వేర్‌లో "మల్లెల, సుధ", చేత్తో పంపినవాటిలో "ఎం. సుధ" (పేరు మార్చి రాస్తున్నాను). పై ముక్క బాగానే ఉంది కాబట్టి కింది ముక్కను సరిచేస్తే సరిపోతుందా?

నీలి_పెన్ను

కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి Format Cells లో dd-mm-yyyy పెట్టండి. అన్నీ ఒకేలా వస్తాయి. నేను రోజూ చేసే పనే ఇది.

జాబితా_పని

పెట్టాను. పై ముక్కలో రూపం మారింది. కింది ముక్క చెక్కుచెదరలేదు.

గడుల_గోపురం

ఒక్క నిమిషం, ఇంకేమీ మార్చకండి. నీలి_పెన్ను చెప్పినది తేదీని చూపించే తీరును మార్చుతుంది, సెల్ లోపల ఉన్నదాన్ని మార్చదు. లోపల నిజంగా తేదీ ఉంటేనే అది పనిచేస్తుంది. మీ కింది ముక్కలో ఉన్నవి తేదీలు కావు, తేదీలా కనిపించే అక్షరాలు. ఎక్సెల్ సార్ట్ చేసేటప్పుడు అంకెలన్నీ ముందు పెట్టి, అక్షరాలను వాటి తర్వాత పెడుతుంది. తేదీ అంటే దాని దృష్టిలో అంకె. జాబితా రెండు ముక్కలయ్యింది అందుకే.

నన్ను కంగారు పెడుతున్నది మాత్రం మీ పై ముక్క. మీ కంప్యూటర్ తేదీని నెల/రోజు/సంవత్సరం వరుసలో చదివేలా సెట్ అయి ఉందనుకుంటున్నాను. ఫారంలో రోజు ముందు ఉంది. 25/04/2019 వస్తే 25వ నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని చదవలేక అక్షరాలుగా వదిలేసింది. అది క్షేమంగా ఉంది. 03/04/2019 వస్తే మాత్రం మార్చి 4గా చదివేసి తేదీగా మార్చేసింది. నిజానికి అది ఏప్రిల్ 3. ఎక్కడా ఎర్రగీత రాదు, హెచ్చరిక రాదు. అంటే మీరు పాడైందనుకుంటున్న ముక్క మంచిది, బాగుందనుకుంటున్న ముక్కలో తప్పులున్నాయి.

ఫారం నుంచి వచ్చిన 180 రోలు విడిగా తీసి పక్క కాలమ్‌లో ఇది పెట్టి, ఎన్ని TRUE ఎన్ని FALSE వచ్చాయో చెప్పండి. తేదీలు B కాలమ్‌లో ఉన్నాయనుకుంటున్నాను.

```
=ISNUMBER(B2)
```

తర్వాత ఒక ఖాళీ సెల్‌లో ఇది. పాత వెర్షన్ అయితే Ctrl+Shift+Enter కొట్టాలి.

```
=MAX(IF(ISNUMBER(B2:B181),DAY(B2:B181)))
```

పాత_దస్త్రం

నాదీ ఇదే గొడవ. మా దగ్గర పాత రిజిస్టర్లు ఎక్కిస్తున్నాం, 1887, 1894 అలా. ఒక్కటీ తేదీగా మారదు, అన్నీ ఎడమ పక్కకే అతుక్కుని ఉంటాయి. సెట్టింగ్ మారిస్తే వస్తాయా?

గడుల_గోపురం

@పాత_దస్త్రం మీది వేరే సంగతి. ఎక్సెల్ తేదీల లెక్క 1900 జనవరి 1తో మొదలవుతుంది, అది 1వ నంబరు. అంతకు ముందువి ఏ సెట్టింగ్‌లోనూ తేదీలు కావు. DATE ఫార్ములాతో బలవంతం చేయకండి, 1887 ఇస్తే దానికి 1900 కలిపి 3787వ సంవత్సరం చూపిస్తుంది. 1887-03-14 అని అక్షరాలుగానే రాసుకోండి. సంవత్సరం, నెల, రోజు వరుసలో, నెలకూ రోజుకూ రెండేసి అంకెలు ఉంటే అక్షరాలుగా సార్ట్ చేసినా కాలక్రమంలోనే వస్తుంది.

పాత_దస్త్రం

అలాగే చేస్తాను. సంవత్సరం ముందు రాస్తే సరిపోతుందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

జాబితా_పని

చూశాను. 180లో TRUE 71, FALSE 109. ఆ MAX దానికి 12 వచ్చింది.

ఇంకోటి కూడా దొరికింది. పై ముక్కలో ఫారం ద్వారా ఒకరు 2017 ఫిబ్రవరి 9న చేరినట్టు ఉంది. ఆ ఫారం మేం మొదలుపెట్టిందే 2017 జూన్‌లో. అసలు ఫారం తెరిచి చూస్తే 02/09/2017, అంటే సెప్టెంబర్ 2. మీరు చెప్పిందే నిజం. మొన్న ఇదే జాబితా చూసి కొందరికి సీనియారిటీ లెక్క చెప్పేశాను, ఇప్పుడు వాళ్లందరికీ మళ్లీ చెప్పాలి.

గడుల_గోపురం

ఆ 12 గట్టి ఆనవాలు. 71 తేదీల్లో ఒక్కదానిలోనూ రోజు 12 దాటలేదంటే అది యాదృచ్ఛికం కాదు. తిరగబడినవాటిలో ఇప్పుడు రోజు స్థానంలో ఉన్నది నిజానికి నెల, నెల 12 దాటదు. మీ 71 కూడా లెక్కకు సరిగ్గా సరిపోతోంది. ఏడాదిలో రోజు 12 లోపు ఉండే తేదీలు 12 × 12 = 144. 365లో అది దాదాపు 39 శాతం. 180లో 71 కూడా 39 శాతమే.

ఫారం రోలకు మాత్రమే ఇది పెట్టండి. మిగతా రెండు గుంపుల మీద వాడకండి.

```
=IF(ISNUMBER(B2),
 DATE(YEAR(B2),DAY(B2),MONTH(B2)),
 DATE(RIGHT(B2,4),MID(B2,4,2),LEFT(B2,2)))
```

మొదటి సగం తిరగబడిన తేదీలో రోజునూ నెలనూ మళ్లీ తిప్పి పెడుతుంది. రెండో సగం అక్షరాలుగా మిగిలినవాటిని ముక్కలు చేసి తేదీ కడుతుంది. కొత్త కాలమ్‌లో పెట్టండి, B కాలమ్‌ను అలాగే ఉంచండి.

తీరం_దాటి

ఇంత తిప్పలు దేనికి? కంప్యూటర్ రీజియన్ సెట్టింగ్‌ను రోజు ముందు వచ్చేదానికి మార్చి, మొత్తం 412 రోలూ మళ్లీ పేస్ట్ చేస్తే అయిపోతుంది కదా. గూగుల్ షీట్స్ అయితే File > Settings లో Locale మారిస్తే చాలు. ఐదు నిమిషాల పని.

వరుస_వాణి

@తీరం_దాటి ఫారం గుంపు వరకు అది సరైన మాటే, అసలు ఫైలు ఉంటే ఫార్ములా కన్నా అదే మేలు. మొత్తం 412కూ చేస్తే మాత్రం పాత సాఫ్ట్‌వేర్ 150 చెడిపోవచ్చు. అవి నెల ముందు రాసినవైతే ఇప్పుడు సరిగ్గా ఉన్నాయి, సెట్టింగ్ మార్చి మళ్లీ పేస్ట్ చేయగానే అవి తిరగబడతాయి. ఒక గుంపును కాపాడబోయి ఇంకో గుంపును పాడుచేసినట్టవుతుంది.

మొన్నటి దాకా నేనూ ఒక్కో సెల్‌ను చూసి ఇది రోజా నెలా అని ఆలోచించేదాన్ని. సెల్‌ను ఎంతసేపు చూసినా 03/04 ఏమిటో తెలియదు. అది ఏ గుంపుతో వచ్చిందో చూస్తేనే తెలుస్తుంది. అందుకే ఇప్పుడు ఏ జాబితా పేస్ట్ చేసినా ముందు "మూలం" అని ఒక కాలమ్ పెడతాను. ఫారం, పాతది, చేతిరాత అని మూడు మాటలు. సార్ట్ చేశాక గుంపులు కలిసిపోతాయి కదా, అప్పుడు ఈ కాలమ్ లేకపోతే ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో మళ్లీ దొరకదు.

జాబితా_పని

మూలం కాలమ్ ఇప్పుడే పెట్టాను, అదృష్టం కొద్దీ మూడు ఫైళ్లూ ఇంకా ఉన్నాయి. పాత సాఫ్ట్‌వేర్ 150 నెల ముందో రోజు ముందో ఎలా తేల్చాలి? దాన్ని నడిపిన మనిషి ఇప్పుడు లేరు.

వరుస_వాణి

ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి, ఎక్సెల్‌లో వద్దు. మొదటి అంకె ఎక్కడైనా 12 దాటిందా చూడండి, రెండోది దాటిందా చూడండి. ఏది దాటితే అది రోజు. 150 రోల్లో ఒక్కటి దొరికినా మిగతా 149కి కూడా తీర్పు అదే, ఎందుకంటే ఒకే సాఫ్ట్‌వేర్ ఒకే తీరులో రాసింది. రెండు స్థానాల్లోనూ 12 దాటినవి కనిపిస్తే మాత్రం అది ఒక గుంపు కాదు, ఎవరో మధ్యలో కలిపారు.

సున్నా_ఒకటి

గుంపులో ఆరుగురే ఉండి, ఆరు తేదీల్లోనూ రెండు అంకెలూ 12 లోపే ఉంటే?

వరుస_వాణి

అప్పుడు ఏ ఫార్ములా చెప్పలేదు. పంపినవాళ్లను అడగాలి, లేదా ఒక్కరి అసలు కాగితం చూడాలి. అంతవరకు ఆ ఆరింటికీ రంగు వేసి పెట్టాలి.

జాబితా_పని

మొదటి స్థానంలో ఒక్కటీ 12 దాటలేదు, రెండో స్థానంలో 31 దాకా ఉన్నాయి. అంటే నెల ముందు. నా కంప్యూటర్ కూడా నెల ముందు చదువుతోంది కాబట్టి ఈ 150 అలాగే ఉంచేస్తాను.

ఫారం దాంట్లో గడుల_గోపురం గారి ఫార్ములా పెట్టాను. 166 చక్కగా వచ్చాయి. 14 సెల్లలో #VALUE! వచ్చింది.

గడుల_గోపురం

వాటిలో నెలకు ఒకే అంకె ఉందేమో చూడండి. 25/4/2019 అయితే నాలుగో అక్షరం నుంచి రెండు తీసుకుంటే "4/" వస్తుంది, అది నెల కాదు. ఆ 14 సెల్లను మాత్రం పక్క కాలమ్‌లోకి కాపీ చేసి, Data > Text to Columns లో మూడో పేజీ దాకా వెళ్లి Date: DMY ఎంచుకోండి. అక్కడ మీరే వరుస చెబుతున్నారు కాబట్టి కంప్యూటర్ సెట్టింగ్‌తో పని ఉండదు. నా ఫార్ములా రెండేసి అంకెలు ఉంటాయని నమ్ముకుని రాసింది, ఆ మాట ముందే చెప్పాల్సింది.

జాబితా_పని

అవును, 14 కూడా అవే. అయిపోయాయి. ఇక చేత్తో పంపిన 82. ఇవి భయంకరంగా ఉన్నాయి. "14 మార్చి 2019", "4 మార్చ్ 19", "14.3.19", "సెప్టెంబరు 2, 2020", కొన్నిచోట్ల "2018" అని మాత్రమే.

నీలి_పెన్ను

చుక్కలకు Find & Replace చేసి "." తీసి "/" పెట్టండి, అవి తేదీలైపోతాయి.

సున్నా_ఒకటి

అది చేయకండి! Replace చేశాక ఎక్సెల్ ఆ సెల్‌ను కొత్తగా టైపు చేసినట్టే మళ్లీ చదువుతుంది. 14.3.19 అక్షరాలుగానే మిగులుతుంది గానీ 4.3.19 మాత్రం ఏప్రిల్ 3 అయిపోతుంది. ఇందాక బయటపడిన గోతిలోకే మళ్లీ వెళ్లినట్టు. చుక్కలవాటికి కూడా గడుల_గోపురం గారు చెప్పిన DMY దారే వాడండి.

నీలి_పెన్ను

ఇది నాకు నిజంగా తెలియదు. నేను రోజూ ఇలాగే మారుస్తున్నాను. నా పాత ఫైళ్లకు ఆ MAX ఫార్ములా పెట్టి చూడాలి ఈ రాత్రికే.

గడుల_గోపురం

నెల మాటల్లో ఉన్నవాటికి: ఖాళీని బట్టి Text to Columns తో మూడు కాలమ్‌లు చేయండి, రోజు E లో, నెల F లో, సంవత్సరం G లో. "సెప్టెంబరు 2, 2020" లాంటివి కొన్నే ఉంటాయి, వాటిని చేత్తో అటూ ఇటూ మార్చండి. తర్వాత K, L కాలమ్‌లలో చిన్న పట్టిక. మీ జాబితాలో నెల పేరు ఎన్ని రకాలుగా రాసి ఉందో అన్నీ: మార్చి 3, మార్చ్ 3, సెప్టెంబర్ 9, సెప్టెంబరు 9. తేదీ ఇలా:

```
=DATE(IF(G2<100,G2+2000,G2),
 VLOOKUP(F2,$K$2:$L$30,2,FALSE),E2)
```

G2+2000 ఎందుకంటే, సెల్‌లో 3-14-19 అని టైపు చేస్తే ఎక్సెల్ 2019 అనుకుంటుంది, కానీ DATE ఫార్ములాకు 19 ఇస్తే 1919 చేస్తుంది. పైన పాత_దస్త్రం గారికి చెప్పిన 1900 కలపడమే ఇక్కడా జరుగుతుంది. మీ జాబితా అంతా 2000 తర్వాతది కాబట్టి ఈ సర్దుబాటు సరిపోతుంది. పుట్టిన తేదీలకు ఇది వాడకండి.

పక్క_గది

పుట్టిన తేదీల మాట వచ్చింది కాబట్టి నా అనుభవం. టైపు చేసే రెండంకెల సంవత్సరాలకు నా ఎక్సెల్‌లో గీత 29. అంటే 29 అంటే 2029, 30 అంటే 1930. నేను చేసిన పెద్దవాళ్ల జాబితాలో 28 అని రాసినవాళ్లంతా 2028లో పుట్టబోతున్నట్టు చూపించింది. అవే ఫైళ్లు పైథాన్‌లో %y తో చదివితే గీత 68 దగ్గర ఉంది, 68 అంటే 2068, 69 అంటే 1969. రెండు చోట్ల రెండు రకాల వయసులు. రెండంకెల సంవత్సరం ఎక్కడ కనిపించినా ముందు నాలుగంకెలు చేసి తర్వాతే మిగతా పని.

జాబితా_పని

నెలల పట్టిక పెట్టాను, 19 రకాల స్పెల్లింగులు తేలాయి. తేదీలన్నీ వచ్చాయి, "2018" అని మాత్రమే ఉన్న 5 మంది తప్ప. వాళ్లకు ఏం పెట్టాలి?

తీరం_దాటి

2018-01-01 పెట్టేయండి. సార్ట్‌కు ఏదో ఒకటి కావాలి కదా.

వరుస_వాణి

అది నాకు నచ్చదు. రేపు ఎవరో ఆ జాబితా చూసి ఆ ఐదుగురూ జనవరి 1నే చేరారనుకుంటారు. తేదీ కాలమ్ ఖాళీగా వదిలి, పక్కన "సంవత్సరం మాత్రమే" అని రాయాలి.

తీరం_దాటి

ఖాళీ వదిలితే వాళ్లు జాబితా అట్టడుగుకు పోతారు. 2018లో చేరినవాళ్లు 2023వాళ్ల కింద ఉంటే అదీ తప్పే కదా.

గడుల_గోపురం

రెండు కాలమ్‌లు ఉంచితే ఇద్దరి మాటా నిలుస్తుంది. చూపించడానికి ఒకటి, అందులో "2018" అనే ఉంటుంది. సార్ట్‌కు ఒకటి, అందులో 2018-01-01 లేదా 2018-12-31. మొదట్లో పెట్టాలా చివర్లో పెట్టాలా అన్నది సంఘం తేల్చుకోవాలి, సీనియారిటీ దీని మీద నడుస్తుందంటే మరీను.

వరుస_వాణి

సార్ట్ కాలమ్‌ను ప్రింటులో దాచేస్తారంటే ఒప్పుకుంటాను. లేకపోతే నా మాట మీదే ఉంటాను.

జాబితా_పని

ఇక పేర్లు. ఫారంలో ఇంటిపేరు చివర ఉంది కాబట్టి చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటే చాలా?

నీలి_పెన్ను

చాలు. ఖాళీ దగ్గర విడగొట్టి చివరి ముక్క తీసుకోండి.

పక్క_గది

రెండు మాటల ఇంటిపేర్లు ఉంటే పోతుంది. "సుధ రాణి పాత మల్లెల" అని ఉంటే ఇంటిపేరు "పాత మల్లెల"నా "మల్లెల"నా? ఒకే మాట పేరు ఉన్నవాళ్లు ఉంటే వాళ్ల పేరే ఇంటిపేరైపోతుంది. ఫారంలో ఇంటిపేరు ముందు రాసినవాళ్లు కూడా తప్పకుండా ఉంటారు, "పేరు" అని ఒకే గడి ఇస్తే మనుషులు ఎవరికి అలవాటైన వరుసలో వాళ్లు రాస్తారు.

వరుస_వాణి

తేదీలకు, పేర్లకు తేడా అక్కడే. తేదీలో గుంపును బట్టి తీర్పు చెప్పవచ్చు. పేర్లలో పాత సాఫ్ట్‌వేర్ గుంపు ఒక్కదాన్నే అలా నమ్మగలం, కామాకు ముందున్నది ఇంటిపేరు, అందులో తిరుగు లేదు. ఫారం గుంపును ఫార్ములాతో విడగొట్టి, తర్వాత ఇంటిపేరు కాలమ్‌ను సార్ట్ చేసి పైనుంచి కిందికి చదవండి. తప్పుగా పడినవి కంటికి తగులుతాయి, ఇంటిపేర్ల మధ్య ఒక "సుధ" కనిపిస్తుంది. 180 పేర్లు చదవడానికి పావుగంట. చేతిరాత 82 మాత్రం మొత్తం చేత్తోనే. "ఎం. సుధ"లో ఎం. అంటే మల్లెలా, మద్దెలా అని ఏ ఫార్ములాకూ తెలియదు.

పూర్తి పేరు తెలియనివాళ్లకు ఇంటిపేరు కాలమ్‌లో "ఎం." అనే ఉంచండి. ఊహించి నింపవద్దు.

జాబితా_పని

చదివాను. ఫారంలో 23 మంది ఇంటిపేరు ముందు రాశారు. పక్క_గది గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇప్పుడు ఇంకో అనుమానం: ఒకే మనిషి పాత సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి, ఫారంలో ఒకసారి ఉన్నట్టున్నారు.

సున్నా_ఒకటి

పేరులోని మాటలను అక్షర క్రమంలో పెట్టి ఒక తాళంచెవి కాలమ్ చేయండి. కామా, చుక్క తీసేసి మాటలు సర్దితే "సుధ మల్లెల", "మల్లెల, సుధ" రెండూ "మల్లెల సుధ" అవుతాయి. కొత్త ఎక్సెల్‌లో, పేరు C కాలమ్‌లో ఉంటే:

```
=TEXTJOIN(" ",TRUE,SORT(TEXTSPLIT(TRIM(
 SUBSTITUTE(SUBSTITUTE(C2,","," "),"."," "))," "),,,TRUE))
```

OpenRefine లో fingerprint అని ఉండేది ఇదే పద్ధతి. రెండుసార్లు వచ్చిన తాళంచెవులు కనిపిస్తే పరిశీలించండి. చెరిపేయకండి, పరిశీలించండి. మా దగ్గర ఒకసారి తాత, మనవడు ఒకే పేరుతో ఉన్నారు, ఎవరో రెండోది డూప్లికేట్ అని తీసేశారు. మనవడు వచ్చి అడిగేదాకా తెలియలేదు.

పాత_దస్త్రం

ఇది నేనూ ప్రయత్నించాను. "కిరణ్ మల్లెల" రెండుసార్లు ఉంది, తాళంచెవి పైకి ఒకేలా కనిపిస్తోంది, కానీ LEN పెడితే ఒకదానికి 12, ఇంకోదానికి 13. కనిపించని స్పేస్ అనుకుని TRIM చేశాను, పోలేదు.

సున్నా_ఒకటి

రెండు అనుమానాలు. వెబ్ పేజీ నుంచి కాపీ చేస్తే వచ్చే స్పేస్ నంబరు 160, TRIM దాన్ని ముట్టుకోదు. రెండోది తెలుగులో ఎక్కువగా వచ్చేది: కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కనిపించని అక్షరం ఒకటి పెడతాయి, నంబరు 8204. "కిరణ్" అయిదు గుర్తులు: క, గుడి, ర, ణ, పొల్లు. LEN 6 వస్తే ఆరోది అదే.

```
=TRIM(SUBSTITUTE(SUBSTITUTE(C2,UNICHAR(160)," "),
 UNICHAR(8204),""))
```

ఇది తాళంచెవి కాలమ్‌కు మాత్రమే వాడండి. చూపించే పేరులోంచి 8204 తీసేస్తే "రాజ్‌కుమార్" లాంటి పేర్లలో క కింద వత్తుగా మారి చదవడానికి వికారంగా తయారవుతుంది.

పాత_దస్త్రం

8204నే. "కిరణ్" ఒక్కదానికే LEN పెడితే 6 వచ్చింది. ధన్యవాదాలు.

జాబితా_పని

19 జతలు దొరికాయి. 17 ఒకే మనుషులు, చిరునామాలతో పోల్చి చూశాను. 2 జతలు నిజంగా వేర్వేరు మనుషులు. 412లో 17 తీస్తే 395. సార్ట్ కొట్టేయనా?

గడుల_గోపురం

కొట్టే ముందు రెండు పనులు. ఇప్పుడున్న వరుసకు 1 నుంచి 395 దాకా నంబర్లు వేసి, వాటిని విలువలుగా పేస్ట్ చేయండి. ఏదైనా తేడా వస్తే ఆ నంబరు మీద సార్ట్ చేసి వెనక్కి రావచ్చు. తేదీ, ఇంటిపేరు, పేరు మూడూ ఒకటైనప్పుడు ఎవరు ముందు అన్నది కూడా ఆ నంబరే తేలుస్తుంది, ప్రతిసారీ ఒకే వరుస వస్తుంది. రెండోది, మధ్యలో ఖాళీ కాలమ్ లేకుండా చూడండి. ఖాళీ కాలమ్ ఉంటే ఎక్సెల్ అక్కడితో పట్టిక అయిపోయిందనుకుని ఇటువైపే సార్ట్ చేస్తుంది, పేర్లు ఒక దారి, తేదీలు ఒక దారి. Expand the selection అని అడిగితే అవుననండి.

Sort లో నాలుగు మెట్లు: సార్ట్ తేదీ, ఇంటిపేరు, పేరు, ఆ నంబరు.

పక్క_గది

ఇంటిపేర్లలో ళ ఎక్కడ రావాలి? వర్ణమాలలో హ తర్వాత కదా. నా పైథాన్ జాబితాలో ల పక్కనే వచ్చింది.

సున్నా_ఒకటి

యూనికోడ్ నంబర్ల వరుసలో ర, ఱ, ల, ళ పక్కపక్కనే ఉన్నాయి. మామూలు sorted() ఆ నంబర్లనే చూస్తుంది. వర్ణమాల వరుస కావాలంటే అక్షరానికి మీ సొంత నంబరు ఇచ్చుకోవాలి.

వరుస_వాణి

వెతికేవాడికి ఏది తేలిక అన్నది చూడాలి. ల, ళ పక్కపక్కన ఉంటేనే దొరుకుతాయని నా అభిప్రాయం, రెండిటినీ కలిపి రాసేవాళ్లు చాలామంది.

పక్క_గది

నేను ఒప్పుకోను. అచ్చువేసే జాబితాకు వర్ణమాలే ఉండాలి.

జాబితా_పని

సార్ట్ అయింది, ఒకే ముక్కగా. అందరూ చెప్పినవి మళ్లీ సరిచూశాను. ఫారం గుంపులో రోజు MAX ఇప్పుడు 31, అత్యంత పాత తేదీ 2017 జూన్ 12, భవిష్యత్తు తేదీలు సున్నా. ఊరికే పది మందిని ఎంచుకుని అసలు ఫారాలతో పోల్చాను, పదీ సరిపోయాయి. "ఎం." అని మిగిలినవాళ్లు ముగ్గురు, వాళ్లకు ఫోన్ చేయాలి. సంవత్సరం మాత్రమే ఉన్న ఐదుగురి సంగతి సమావేశంలో పెడతాను, అప్పటిదాకా సార్ట్ కాలమ్‌లో డిసెంబర్ 31 ఉంచాను, ప్రింటులో దాచాను.

నీలి_పెన్ను

నా పాత ఫైళ్లు చూశాను. ఏడింటిలో రెండింటికి MAX 12 వచ్చింది. అసలు మెయిల్స్ ఉన్నాయి, రేపు మళ్లీ పేస్ట్ చేస్తాను. ఈసారి కాలమ్‌ను ముందు Text చేసి.

వరుస_వాణి

@నీలి_పెన్ను పేస్ట్ చేసేటప్పుడు Paste Special లో Text ఎంచుకోండి, మామూలు పేస్ట్ కొడితే మీరు పెట్టిన ఫార్మాట్ కొట్టుకుపోవచ్చు. మూలం కాలమ్ కూడా అప్పుడే పెట్టేయండి.